డిప్‌స్టిక్ మీద 31 సెంటీమీటర్లు తడిసింది: జనరేటర్ ఇంకెన్ని గంటలు నడుస్తుంది?

ప్రశ్న: మా బిల్డింగ్‌ జనరేటర్ 62.5 కేవీఏ. పక్కనే స్టాండ్ మీద దీర్ఘచతురస్రాకారపు డీజిల్ ట్యాంక్ ఉంది. బయట నుంచి కొలిస్తే పొడవు 122, వెడల్పు 72, ఎత్తు 45 సెం.మీ. గేజ్ పాడైపోయింది. డిప్‌స్టిక్ పెడితే 31 సెం.మీ. వరకు తడిసింది. ఎన్ని లీటర్లు ఉన్నట్టు? ఎన్ని గంటలు వస్తుంది? మెకానిక్ గంటకు 15 లీటర్లు తాగుతుందంటాడు, ఆపరేటర్ 8 దాటదంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి?

సమాధానం:

ట్యాంక్‌లో దాదాపు 269 లీటర్లు ఉన్నాయి. అందులో ఇంజిన్‌కు అందేది 217 లీటర్ల దాకానే. మెకానిక్ లెక్కన అది పద్నాలుగున్నర గంటలు, ఆపరేటర్ లెక్కన 27 గంటలు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మెకానిక్ చెప్పింది ఫుల్ లోడ్ మాట, ఆపరేటర్ చెప్పింది రోజూ తన కళ్ల ముందు నడిచే లోడ్ మాట. మీ బిల్డింగ్‌కు సరిపోయే అంకె ఎవరినీ అడగకుండా అదే డిప్‌స్టిక్‌తో రాబట్టుకోవచ్చు. దాని గురించి కింద వివరంగా రాస్తాను, ముందు లీటర్ల లెక్క చూద్దాం.

మీరు కొలిచింది బయటి కొలత. రేకు 3 మి.మీ. మందం అనుకుంటే రెండు వైపులా కలిపి 6 మి.మీ. తీసేయాలి. లోపలి పొడవు 121.4, వెడల్పు 71.4 సెం.మీ. ఈ రెండూ గుణిస్తే 8,668 చదరపు సెం.మీ. వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరు కాబట్టి, ట్యాంక్‌లో ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు 8.67 లీటర్లు. ఈ ఒక్క అంకె ట్యాంక్ మీద పెయింట్‌తో రాసి పెట్టండి. ఇక ఎప్పుడు డిప్ తీసినా ఒక్క గుణకారంతో లీటర్లు వచ్చేస్తాయి. 31 × 8.67 అంటే 268.8.

రేకు మందం తీసేయకుండా బయటి కొలతతోనే లెక్కేసినా తేడా ఒకటిన్నర శాతం లోపే. చాలామంది ఈ రేకు మందం దగ్గరే బుర్ర బద్దలు కొట్టుకుంటారు, అసలు పెద్ద తేడా తెచ్చేవాటిని మాత్రం వదిలేస్తారు. అవి రెండున్నాయి. ఒకటి, అడుగున మిగిలిపోయే డీజిల్. రెండు, కర్ర వాలు.

అడుగున మిగిలేదాన్ని డెడ్ స్టాక్ అంటారు. ఇంజిన్‌కు వెళ్లే పైపు ట్యాంక్ అడుక్కి ఆనించి ఉండదు, కావాలనే కొంచెం పైన పెడతారు. అడుగున చేరే నీళ్లు, మడ్డి ఫిల్టర్‌లోకి రాకూడదని ఆ ఏర్పాటు. మీది స్టాండ్ మీద ట్యాంక్ కాబట్టి బహుశా పక్క గోడకు కింద సాకెట్ వెల్డ్ చేసి అక్కడ నుంచి పైపు తీసి ఉంటారు. ట్యాంక్ అడుగు నుంచి ఆ రంధ్రం పై అంచు దాకా ఎంతో బయట నుంచి కొలవండి, అడుగు రేకు మందం తీసేయండి. కింది అంచు దాకా కాదు, పై అంచు దాకానే. డీజిల్ మట్టం పై అంచు కిందికి రాగానే రంధ్రం కొంత తెరుచుకుని గాలి లాగడం మొదలుపెడుతుంది. నిజానికి లాగే చోట చిన్న సుడి పడుతుంది కాబట్టి ఇంకా కొంచెం ముందే గాలి వెళ్తుంది. ఒకవేళ మీ ట్యాంక్‌కు పైనుంచి లోపలికి దిగే గొట్టం ఉంటే, ట్యాంక్‌లో డీజిల్ తగ్గినప్పుడు ఆ గొట్టం బయటికి తీసి పొడవు కొలిచి, లోపలి ఎత్తులోంచి తీసేయాలి.

మీ ట్యాంక్‌కు ఆ ఎత్తు 4 సెం.మీ. అనుకుంటున్నాను. సుడికి, ట్యాంక్ కొద్దిపాటి వాలుకు కలిపి ఇంకో 2 వేస్తే 6 సెం.మీ. అంటే 52 లీటర్లు ఉన్నా లేనట్టే. మిగిలేది 25 సెం.మీ., 217 లీటర్లు. మీరు కొలిచాక 4 కాదు, 7 అని తేలితే లెక్క అంత మేరకు మారుతుంది, అందుకే ఇది ఊహకు వదిలేయకుండా ఒకసారి కొలిచి పెట్టుకోవాలి.

ఆ 6 సెం.మీ. దగ్గర ఎందుకంత పట్టుదల అంటే, ఒకసారి గాలి లాగిందంటే డీజిల్ పోసినంత మాత్రాన ఇంజిన్ స్టార్ట్ కాదు. ముందు శబ్దం ఒక్కసారిగా ఎత్తుకుంటుంది, తగ్గుతుంది, మళ్లీ ఎత్తుకుంటుంది. లైట్లు మినుక్కుమంటాయి, ఆగిపోతుంది. ఆ తర్వాత ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ ఉంటే నురగ నురగగా బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగలు ఆగి నికరంగా ధార వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించి అప్పుడు సెల్ఫ్ వేయాలి. కొన్ని ఇంజిన్లకు ఇంజెక్టర్ పైపులు కూడా వదులు చేయాల్సి వస్తుంది. చీకట్లో, లిఫ్ట్‌లో ఎవరో ఇరుక్కున్నప్పుడు ఆ టెన్షన్ ఎందుకు? అదీగాక అడుగు మడ్డి అంతా అప్పుడే ఫిల్టర్‌లోకి వస్తుంది.

అడుగున చేరిన నీళ్ల సంగతి కూడా ఇక్కడే. నీళ్లు డీజిల్ కంటే బరువు, కాబట్టి అడుక్కి దిగుతాయి, డిప్‌స్టిక్ వాటిని కూడా డీజిల్‌గానే చూపిస్తుంది. కర్ర కొసకు వాటర్ పేస్ట్ రాసి ముంచితే నీళ్లు తగిలినంత మేర రంగు మారుతుంది. ఒక సెంటీమీటరు నీళ్లు కనిపిస్తే 8.67 లీటర్ల డీజిల్ తక్కువ ఉన్నట్టే. గంటల లెక్కకు మాత్రం తేడా రాదు, ఎందుకంటే ఆ నీళ్లు డెడ్ స్టాక్‌లోనే ఉన్నాయి, దాన్ని ముందే తీసేశాం. నీళ్లు రంధ్రం దగ్గరికి ఎక్కుతున్నాయంటే మాత్రం గంటలు లెక్కపెట్టడం ఆపి డ్రెయిన్ ప్లగ్ తెరవాలి.

ఇక కర్ర. మూత తీసి కర్ర నిటారుగా దిగితే బాధ లేదు. చాలా ట్యాంకులకు పోసే మూతి ఏటవాలుగా ఉంటుంది, కర్ర కూడా అలాగే ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు తడిసిన పొడవు లోతు కంటే ఎక్కువ కనిపిస్తుంది. నిటారు నుంచి 20 డిగ్రీలు వాలితే, 31 అని కనిపించినది నిజానికి 29.1 సెం.మీ. తేడా 16 లీటర్లు. మీ లోడ్‌కు అది రెండు గంటల పైచిలుకు. మూతి ఏటవాలుదైతే ట్యాంక్ పైన వేరే ప్లగ్ ఏదైనా ఉందేమో చూడండి. గేజ్ పాడైందన్నారు కదా, దాన్ని విప్పితే ఆ రంధ్రంలోంచే నిటారుగా డిప్ తీయొచ్చు.

డిప్ తీయడం ఎలాగో కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ అర సెంటీమీటరు పోతే నాలుగు లీటర్లు పోయినట్టే. ఇంజిన్ ఆపాలి. నడుస్తుంటే, ఇంజిన్ వాడగా మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు ట్యాంక్‌లోకి డీజిల్ కుమ్మరిస్తూ ఉంటుంది, ట్యాంక్ అదురుతుంది, గీత ఒకచోట నిలవదు. ఆపి కొద్ది నిమిషాలు ఆగండి. లోపల అడ్డు పలకలు ఉంటే వాటి కింది సందుల్లోంచి మట్టం సమమయ్యే టైమ్ ఇవ్వాలి. కర్రను పొడి గుడ్డతో తుడిచి, గీత వస్తుందనుకున్న చోట సుద్ద రాయండి. డీజిల్ పలచగా ఉంటుంది, స్టీల్ స్కేలు మీద తడి గీత సరిగా కనిపించదు, చెక్క అయితే పీల్చుకుని పైకి పాకుతుంది. సుద్ద మీద మాత్రం రంగు మారిన చోట అంచు తెగినట్టు కనిపిస్తుంది. కర్రను మెల్లగా దించి, అడుగు తగలగానే ఆపి, వెంటనే తీసి చదవండి. అడుగు టక్కుమని తగలాలి. మెత్తగా దిగితే అక్కడ మడ్డి ఉంది. రెండుసార్లు తీసి, రెండూ 2, 3 మి.మీ. లోపు కలిస్తేనే రాసుకోండి. ఈ పని చేసేటప్పుడు కర్ర మీది డీజిల్ చుక్కలు వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ పైపు మీద పడకుండా చూసుకోండి.

ట్యాంక్ ఒక వైపుకు వాలి ఉందా అనేది స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. 122 సెం.మీ. పొడవులో ఒక్క డిగ్రీ వాలితే ఈ చివరికీ ఆ చివరికీ మట్టంలో 2 సెం.మీ. తేడా వస్తుంది. సరిగ్గా మధ్యలో డిప్ తీస్తే వాలు లెక్కలోకి రాదు. మధ్యలో కుదరకపోతే రెండు చివరలా తీసి సగటు వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, గంటకు ఎంత. మీ 62.5 కేవీఏ సెట్ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 50 కిలోవాట్లు. ఈ సైజు ఇంజిన్ ఫుల్ లోడ్‌లో గంటకు 14, 15 లీటర్ల దాకా తాగుతుంది, సగం లోడ్‌లో 8, 9 మధ్య, పావు లోడ్‌లో 5, 6 మధ్య. సగం లోడ్‌కు సగం డీజిల్ అనుకోవద్దు. లోడ్ ఏమీ లేకుండా ఊరికే తిరిగినా ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికే రెండు మూడు లీటర్లు ఖర్చవుతుంది, ఆ పైన ఒక్కో కిలోవాట్‌కు పావు లీటరు చొప్పున కలుస్తూ పోతుంది. ప్యానెల్ మీద కిలోవాట్ల అంకె చూసి ఈ లెక్క వేసుకుంటే అంచనా దగ్గరగానే వస్తుంది. ఉదాహరణకు 20 కిలోవాట్లు నడుస్తుంటే రెండున్నరకు ఐదు కలిపి ఏడున్నర లీటర్లు. మీ ఆపరేటర్ అన్న 8 అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

అంచనా కంటే మంచి దారి ఉంది. గంటకు ఎన్ని లీటర్లు అని కాకుండా, గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగుతోంది అని చూడండి. సెట్ స్టార్ట్ చేసే ముందు డిప్ తీసి, అవర్ మీటర్ అంకె రాసుకోండి. ఆపాక మళ్లీ రెండూ రాసుకోండి. మొదట 38.4, ఆపాక 33.2, అవర్ మీటర్‌లో 6.0 గంటలు గడిచాయనుకుందాం. దిగింది 5.2 సెం.మీ., అంటే గంటకు 0.87. మీ దగ్గర ఇప్పుడు వాడుకోదగ్గది 25 సెం.మీ. కాబట్టి:

```
గంటలు = (డిప్ − డెడ్ స్టాక్) ÷ గంటకు దిగే సెం.మీ.
      = (31 − 6) ÷ 0.87
      = 28.7
```

ఇందులో పొడవు లేదు, వెడల్పు లేదు, రేకు మందం లేదు. ట్యాంక్ కొలతలో మీరు ఎక్కడైనా పొరబడినా గంటల మీద దాని ప్రభావం ఉండదు. కర్ర వాలుగా దిగినా సరే, ఎప్పుడూ అదే వాలుతో దిగుతుంటే, డెడ్ స్టాక్‌ను కూడా అదే కర్ర మీద గుర్తించి ఉంటే, ఆ తప్పు పైనా కిందా కొట్టుకుపోతుంది. లీటర్లు మీకు కావాల్సింది డీజిల్ తెప్పించేటప్పుడే. గంటలకు సెంటీమీటర్లు చాలు. పక్కా దీర్ఘచతురస్రపు ట్యాంక్‌కే ఈ సుఖం. అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము అయితే ఒక్కో ఎత్తు దగ్గర ఒక్కో లెక్క.

ఒక జాగ్రత్త. ఒక్కో డిప్‌లో 3 మి.మీ. తప్పు రావడం మామూలే. రెండూ ఎదురెదురుగా తప్పితే 6 మి.మీ. మీరు చూసింది 5.2 సెం.మీ. తేడానే అయితే అది 11 శాతం పైనే తప్పు. అదే 10, 11 సెం.మీ. దిగేదాకా ఆగి చూస్తే ఐదారు శాతానికి వస్తుంది. గంటసేపు నడిపి తేడా చూసి రేటు కట్టేవాళ్లు ఉంటారు, ఆ అంకెను నమ్మకండి. ఒక్కసారికి అంతసేపు నడవకపోతే, మధ్యలో డీజిల్ పోయకుండా ఉన్నంతవరకు నాలుగైదు పవర్ కట్లను కలిపి లెక్కేయొచ్చు. అవర్ మీటర్ ఎలాగూ కూడుతూ పోతుంది.

ఇంకో చిన్న మెలిక. చాలాసేపు నడిచాక రిటర్న్ పైపులోంచి వేడి డీజిల్ వచ్చి ట్యాంక్ వెచ్చబడుతుంది. 20 డిగ్రీలు పెరిగితే డీజిల్ ఒకటిన్నర శాతం పైగా వ్యాకోచిస్తుంది. మీ 31 సెం.మీ. మట్టం మీద అది అర సెంటీమీటరు. దిగినంతా దిగినట్టు కనిపించదు, రేటు తక్కువగా వస్తుంది. అందుకని రెండో డిప్ వీలైతే ట్యాంక్ చల్లారాక తీయండి.

ఇప్పుడు మీ లోడ్ రోజంతా ఒకేలా ఉండదు కదా. లిఫ్టు, మోటార్లు నడిచే సాయంత్రం వేరు, అందరూ పడుకున్న తర్వాత వేరు. సాయంత్రం లోడ్‌కు గంటకు 1.1 సెం.మీ., రాత్రికి 0.62 అని విడివిడిగా తేలిందనుకుందాం. సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది, డిప్ 31. ఆరు నుంచి పదకొండు దాకా ఐదు గంటలకు 5.5 సెం.మీ. పోతుంది. పదకొండు నుంచి తెల్లవారి ఆరు దాకా ఏడు గంటలకు 4.3. పొద్దున్న ఆరింటికి డిప్ 21 దగ్గర ఉండాలి. డెడ్ స్టాక్ పోను 15.2 సెం.మీ. మిగులుతుంది, పగటి లోడ్ సగటున 0.87 అయితే ఇంకో పదిహేడున్నర గంటలు. మొత్తం 29 గంటల పైన. దీంట్లోంచి పది శాతం కోసేసి 26 అని మేనేజ్‌మెంట్‌కు చెప్పండి. పొద్దున్న డిప్ తీసినప్పుడు 21కి బదులు 18 కనిపిస్తే, రాత్రంతా ఎవరో పెద్ద లోడ్ ఏదో వాడారు, లేదంటే ఎక్కడో కారుతోంది. స్టాండ్ కింద నేల, రిటర్న్ పైపు జాయింట్లు చూడండి.

రాత్రి పూట అంత తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడపడం ఇంజిన్‌కు మంచిది కాదు, సైలెన్సర్‌లో నల్లటి జిడ్డు చేరుతుంది. అది వేరే చర్చ.

డీజిల్ ఎప్పుడు తెప్పించాలో కూడా సెంటీమీటర్లలోనే పెట్టుకోండి. ఫోన్ చేసిన దగ్గర నుంచి డీజిల్ వచ్చేదాకా ఆరు గంటలు పడుతుందంటే, బరువైన సాయంత్రం లోడ్ ప్రకారం 6.6 సెం.మీ. కావాలి. డెడ్ స్టాక్ 6 కలిపితే 12.6. కొసరు వేసి 15 దగ్గర కర్ర మీద గాటు పెట్టి, ఎర్ర రంగు వేయండి. 6 దగ్గర ఇంకో గాటు. అప్పుడు కొత్త ఆపరేటర్ వచ్చినా లెక్క నేర్పాల్సిన పని ఉండదు. తడి ఎర్ర గాటు కిందికి దిగితే ఫోన్ చేయాలి, రెండో గాటు దగ్గరికి వస్తే సెట్ ఆపేయాలి.

ఎంత తెప్పించాలన్నది కూడా చూసుకోండి. ట్యాంక్ లోపలి ఎత్తు 44.4, పైన వ్యాకోచానికి చోటు వదిలి 42 దాకా పోస్తే చాలు. ఇప్పుడు 31 ఉంది కాబట్టి పట్టేది 11 సెం.మీ., 95 లీటర్లు. 200 లీటర్లు చెప్పి తర్వాత క్యాన్లు ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడేవాళ్లను చూస్తూనే ఉంటాం.

కొలిచి తెచ్చిన డీజిల్ పోసే ఆ రోజే మీ 8.67 నిజమో కాదో తేల్చుకోవచ్చు. పోసే ముందు డిప్, సరిగ్గా 90 లీటర్లు పోసి కాసేపాగి మళ్లీ డిప్. 10.4 సెం.మీ. పెరిగితే లెక్క సరిపోయినట్టే. 11 దాటి పెరిగితే లోపల ఏదో చోటు తింటోంది, లేదా కర్ర వాలుగా దిగుతోంది, లేదా వచ్చింది 90 లీటర్ల కంటే ఎక్కువ. మూడోది జరగడం నేనైతే ఎప్పుడూ వినలేదు. 9 దగ్గరే ఆగితే రేకు పక్కలు ఉబ్బి ఉండొచ్చు, లేదా క్యాన్లలో డీజిల్ తక్కువ వచ్చి ఉండొచ్చు. ట్యాంక్ పక్కలకు ఒక పొడవాటి స్కేలు ఆనించి చూస్తే ఉబ్బు ఉందో లేదో తెలుస్తుంది. ఉబ్బు లేకపోతే తర్వాతి లోడ్‌ను మీ ఎదురుగా కొలిపించి పోయించండి.